తొలకరిలో తెల్లవారుజాము పరీక్ష: ఒంటివేడి, ఊపిరి, నాడి

తొలి వానలు పడ్డాక నెలన్నర పాటు పాకలో ఉక్కపోత తగ్గదు. గొంతువాపు (గురక వ్యాధి) ఎక్కువగా కనిపించేదీ ఈ రోజుల్లోనే. రెండింటిలోనూ పశువు రొప్పుతుంది, మేత తగ్గిస్తుంది. అది ఎండ బాధా, జబ్బా అన్నది కంటితో చూసి తేల్చడం కష్టం. ఆ తేడా పట్టుకోవాలంటే ఒక థర్మామీటరు, సెకన్ల ముల్లున్న గడియారం చాలు.

పరీక్షకు సరైన వేళ తెల్లవారుజామున, పాలు పితకక ముందు. సాయంత్రానికి ఆరోగ్యంగా ఉన్న పశువుకూ ఒంటివేడి ఒక డిగ్రీ దాకా పెరుగుతుంది కాబట్టి అప్పటి లెక్క తికమక పెడుతుంది. ముందు ఊపిరి లెక్కించండి, ఎందుకంటే చెయ్యి తగలగానే పశువు బెదిరి ఊపిరి మారిపోతుంది. నాలుగడుగుల దూరంలో వెనకగా, కాస్త పక్కకు నిలబడి డొక్క చూడండి. పైకి లేచి కిందికి దిగితే ఒకటి. అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేయండి. చల్లటి పూట ఆవుకు, గేదెకు నిమిషానికి 15 నుంచి 30 మధ్య ఉంటుంది.

తర్వాత నాడి. తోక పైకెత్తి, మొదలు నుంచి బెత్తెడు కిందికి, అడుగువైపు మధ్య గాడిలో రెండు వేళ్లు మెల్లగా ఆనించండి. గట్టిగా నొక్కితే దొరకదు. పెద్ద పశువుకు నిమిషానికి 50 నుంచి 80 మామూలు.

చివరగా ఒంటివేడి. గాజు థర్మామీటరైతే పాదరసం 95 కిందికి దిగేలా విదిలించి, మొనకు వంటనూనె రాసి, ఆసనంలో రెండంగుళాలు పెట్టి కాస్త పక్కకు వంచండి. పేడ ముద్దలో గుచ్చుకుంటే అసలు కన్నా తక్కువ చూపిస్తుంది, మొన పేగు గోడకు తగలాలి. రెండు నిమిషాలు ఉంచాలి. దారం కట్టి క్లిప్పుతో తోక వెంట్రుకలకు తగిలిస్తే జారిపోదు. ఆవుకు 101.5 ఫారెన్‌హీట్‌కు అటూ ఇటూగా, గేదెకు అంతకన్నా అర డిగ్రీ తక్కువగా ఉంటుంది.

పాకలో మూడు గేదెలున్నాయనుకుందాం. ఉదయం రెండింటికి ఊపిరి 20, 22. వేడి 101 దగ్గర. మూడోదానికి ఊపిరి 44, నాడి 92, వేడి 105.2. రాత్రి మేత సగం వదిలేసింది, పాలు తగ్గాయి. మూడూ ఒకే కప్పు కింద ఉన్నాయి కనుక ఉక్కపోత అయితే మూడూ రొప్పాలి. ఒక్కటే మారిందంటే జబ్బే. ఇలా మధ్యాహ్నం కనబడితే నీడకు తెచ్చి, ఒంటిపై నీళ్లు పోసి, గంటాగి మళ్లీ చూడండి. ఎండ దెబ్బ అయితే వేడి దిగడం మొదలవుతుంది. జ్వరమైతే పెద్దగా దిగదు.

ఈ గేదె విషయంలో గొంతు వాచే దాకా ఆగకండి. గొంతువాపులో వాపు, గురక వచ్చాక చాలా పశువులు ఒక్క రోజులోనే చనిపోతాయి. వెంటనే విడిగా కట్టి, పశువైద్యుడికి గానీ 1962కు గానీ ఫోన్ చేసి ఈ మూడు అంకెలూ చెప్పండి. రొప్పే పశువుకు గొట్టంతో ఏ మందూ తాగించొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇంట్లో ఉన్న జ్వరం బిళ్లలు వేస్తే అంకె దిగుతుంది తప్ప జబ్బు ఆగదు, పైగా డాక్టరు చూసే వేళకు ఆనవాలు పోతుంది.

వేడి తగ్గడమూ ప్రమాదమే. ఈనిన రెండు మూడు రోజుల్లో ఎక్కువ పాలిచ్చే ఆవు తూలి పడి, చెవులు చల్లబడి, వేడి 100 కిందికి జారి, నాడి బలహీనంగా వేగంగా కొట్టుకుంటుంటే అది చాలావరకు పాలజ్వరం. పేరులో జ్వరం ఉన్నా ఒంట్లో ఉండదు. కాల్షియం రక్తనాళంలోకి ఎక్కించాలి, అదీ గుండె గమనిస్తూ మెల్లగా, డాక్టరే చేయాలి.

మేకకు ఈ లెక్కలు వేయొద్దు. దానికి 102 నుంచి 103.5 మామూలే, ఎండలో మేసి వస్తే 104 దాకా పోతుంది. నాడి 70 నుంచి 90, తొడ లోపలివైపు తెలుస్తుంది. పారుడు రోగంలో విరేచనాలకు రెండు మూడు రోజుల ముందే జ్వరం 105 దాటుతుంది, కళ్లూ ముక్కూ నీరు కారతాయి. సంతలో కొన్న మేకను మూడు వారాలు వేరుగా ఉంచి, రోజూ ఉదయం వేడి చూస్తే మంద దాకా రాకముందే పట్టుకోవచ్చు.

కోడికి వేడి 106, 107 ఉంటుంది. పట్టుకుంటే బెదిరి ఇంకా పెరుగుతుంది. గుండె వేగం నిమిషానికి 250 దాటుతుంది, వేళ్లతో లెక్కకు అందదు. కోళ్లకు రాత్రి చెవే సాధనం. దీపాలు ఆర్పి, అవి సర్దుకున్నాక పది నిమిషాలు షెడ్డులో కదలకుండా నిలబడితే గురగుర, తుమ్ము, దగ్గు వేరుగా వినబడతాయి. చల్లటి రాత్రి కూడా నోరు తెరిచి ఊపిరి పీలుస్తున్న కోడి కనబడితే దాన్ని ఆ రాత్రే వేరు చేయండి. ఉదయానికి అలాంటివి పెరిగితే, చనిపోయిన కోడిని ఐసులో పెట్టి అదే రోజు పశువ్యాధి నిర్ధారణ కేంద్రానికి చేర్చండి. ఆలస్యమై కుళ్లితే పరీక్షకు పనికిరాదు.