జారుడు ఎక్కడ? – పాత ఆటోమేటిక్ కారు కొనేముందు

ట్రాక్టరు నేర్పేటప్పుడు మా నాన్న చెప్పిన మొదటి మాట: "క్లచ్ మీద కాలుంచి తోలకురా, ప్లేటు కాలిపోద్ది." మోకాళ్ళ నొప్పుల మావయ్యకి పాత ఆటోమేటిక్ కారు చూడబోయినప్పుడు ఆ మాటే అక్కరకొచ్చింది.

బండి బయలుదేరేటప్పుడు ఇంజను తిరుగుతుంటుంది, చక్రాలు ఆగి ఉంటాయి. ఆ రెంటి మధ్య కాసేపు ఏదో ఒకటి జారక తప్పదు. జారితే వేడి పుడుతుంది. ఆ వేడిని భరించేదేమిటన్నదే మన ప్రశ్న.

టార్క్ కన్వర్టర్‌లో జారేది నూనె. రెండు ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకటి వేస్తే ఆ గాలికి రెండోది తిరిగినట్లే, ఇక్కడ నూనె తోపుకి గేర్లవైపు చక్రం తిరుగుతుంది. వేడెక్కిన నూనెని కూలర్ చల్లారుస్తుంది. అందుకే ఇది మొండిది.

డ్యూయల్ క్లచ్‌లో బేసి గేర్లకొక క్లచ్, సరి గేర్లకొక క్లచ్. చిన్న కార్లలో చాలావరకు ఇవి నూనెలో మునగని పొడి క్లచ్‌లే. ట్రాఫిక్‌లో అంగుళమంగుళం పాకితే నాన్న చెప్పిందే జరుగుతుంది. వీటిని నడిపే ఎలక్ట్రానిక్ భాగం పాడైతే అది వేరే ఖర్చు. 2013లో ఫోక్స్‌వ్యాగన్ తన ఏడు గేర్ల పెట్టెల్లో సింథటిక్ ఆయిల్ వల్ల విద్యుత్ లోపాలొస్తున్నాయని అనేక దేశాల్లో కార్లను వెనక్కి పిలిచి మినరల్ ఆయిల్ పోసింది.

సీవీటీలో రెండు పుల్లీల మధ్య ఉక్కు బెల్టు ఉంటుంది. బయలుదేరేటప్పటి జారుడుకి వేరే ఏర్పాటుంది గనుక బెల్టు మాత్రం జారకూడదు. నూనె చెడి జారిందా, పుల్లీకి గీతలు పడతాయి. అప్పుడు సాధారణంగా మొత్తం పెట్టే మార్చమంటారు.

మేం చూసినవి మూడు కార్లు. డ్యూయల్ క్లచ్‌ది మిగతా రెంటికన్నా అరవై వేలు తక్కువ. అరగంట ట్రాఫిక్‌లో తిప్పి, చిన్న ఎత్తు మీదికి రివర్సులో మెల్లగా ఎక్కించాం. వణికింది. క్లచ్ సెట్టూ కూలీ కలిపి లక్ష దాటుతుందన్నాడు మెకానిక్. చౌక అక్కడే తేలిపోయింది.

సీవీటీ కారు మెత్తగానే నడిచింది. కానీ నూనె మార్చిన రసీదు ఒక్కటీ లేదు. వదిలేశాం.

మూడోది టార్క్ కన్వర్టర్. చల్లటి ఇంజనుతో డీ లో వేస్తే ఆలస్యం లేకుండా పట్టుకుంది. అయితే అరవై వేగంలో, యాక్సిలరేటర్ కొంచెమే తొక్కితే సన్నటి వణుకు. వేగంలో నూనె జారుడు ఆపడానికి కన్వర్టర్‌లో లాకప్ క్లచ్ ఒకటుంటుంది, ఆ వణుకు దానిది. నూనె మారిస్తే తరచు పోతుంది. పోకపోతే గేరుబాక్సు దించాల్సిందే. ఆ భయం చూపించి ముప్పై వేలు తగ్గించాం. ఎనిమిది వేలతో నూనె మార్పించాక వణుకు పోయింది.

టార్క్ కన్వర్టర్‌కి పెట్రోలు కాస్త ఎక్కువ తాగే గుణం ఉంది, నిజమే. కానీ పాత బండి కొనేవాడు లీటరుకి ఎన్ని కిలోమీటర్లని అడిగేముందు, జారుడు ఎక్కడని అడగాలి.