‘సరికానిది’ దగ్గర జారిపోయే మార్కులు

ప్రశ్న: మాది ఆనందపురం. ఉదయం పూల మార్కెట్ పని చూసుకుని, మధ్యాహ్నం నుంచి గ్రూప్-2కి చదువుతున్నాను. మాక్ టెస్టుల్లో జవాబు తెలిసిన ప్రశ్నలే తప్పవుతున్నాయి. తర్వాత చూసుకుంటే అక్కడ ‘సరికానిది’ అని ఉంటుంది, నేను సరైనది గుర్తించి ఉంటాను. ఈ అలవాటు ఎలా పోతుంది సార్?
– ఒక పాఠకురాలు, ఆనందపురం, విశాఖపట్నం

జవాబు: ముందు నష్టం ఎంతో చూడండి అమ్మా. ఏపీపీఎస్సీ గ్రూప్-2లో తప్పు జవాబుకు మార్కులో మూడో వంతు కోత ఉంటుంది. తెలిసిన ప్రశ్నను తప్పుగా చదివితే రావలసిన మార్కు పోతుంది, పైన కోతా పడుతుంది. అలా ఆరు ప్రశ్నలు పోతే మొత్తం ఎనిమిది మార్కులు పోయినట్టే.

తెలుగులో ‘కాదు’ అనే అర్థం వాక్యం చివర వస్తుంది, చాలాసార్లు మాట మధ్యలో ఒక్క అక్షరంగా దాక్కుంటుంది. ‘సరిగా జతపరచబడినది’, ‘సరిగా జతపరచబడనిది’ పక్కపక్కన రాసి చూడండి. విషయం అర్థమవగానే మన కన్ను ఆప్షన్ల మీదికి దూకుతుంది, ఆ చివరి మాట చదవకుండానే మిగిలిపోతుంది. అందుకే ముందు ప్రశ్నలో చివరి మాట కింద గీత గీయండి, ఆ తర్వాతే ఆప్షన్లు చదవండి. ‘మినహా’, ‘తప్ప’ అనే మాటలు మాత్రం మధ్యలో వస్తాయి, వాటికి సున్నా చుట్టండి.

తర్వాత ప్రతి ఆప్షన్ పక్కనా ‘ఒ’ (ఒప్పు) లేదా ‘త’ (తప్పు) అని ప్రశ్నపత్రం మీదే రాయండి, ఓఎంఆర్ మీద కాదు. ఉదాహరణకు, విశాఖ ఉక్కు కర్మాగారం గురించి సరికానిది ఏది?

1) ఇది సముద్రతీరాన కట్టిన సమగ్ర ఉక్కు కర్మాగారం.
2) 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు.
3) 1992లో రాజీవ్‌గాంధీ జాతికి అంకితం చేశారు.
4) ఇది ప్రైవేటు సంస్థ కాదు.

మొదటిది ఒ, రెండోది ఒ. జాతికి అంకితం చేసింది పి.వి. నరసింహారావు కాబట్టి మూడోది త. నాలుగో దానిలో ‘కాదు’ ఉంది, అయినా వాక్యం నిజమే కాబట్టి ఒ. ‘కాదు’ అని కనబడగానే దాన్నే జవాబు అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. మూడు ‘ఒ’లు, ఒక ‘త’ వచ్చాయంటే ప్రశ్న అడిగేది తప్పునే. మూడు ‘త’లు, ఒక ‘ఒ’ వస్తే అది సరైనది అడిగే ప్రశ్న. మీ గుర్తులూ చివరి మాటా కలవకపోతే వెంటనే ప్రశ్న మళ్లీ చదవండి. రెండూ రెండూ వచ్చాయంటే ఏదో ఒక వాక్యం విషయంలో మీకు సందేహం ఉన్నట్టు.

ప్రశ్న: ఎ, బి, సి వాక్యాలిచ్చి ‘సరికానివి ఏవి?’ అని అడిగితే ఈ లెక్క పనిచేస్తుందా?

జవాబు: పనిచేయదు, ఇక్కడే అసలు ఉచ్చు ఉంది. ఎ) విశాఖ ఓడరేవు 1933లో ప్రారంభమైంది. బి) ఇది కృష్ణానది ముఖద్వారంలో ఉంది. సి) హుద్‌హుద్ తుఫాను 2014లో విశాఖ దగ్గర తీరం దాటింది. వీటిలో ఎ, సి నిజం. ఆప్షన్లలో ‘ఎ, సి’ కూడా సిద్ధంగా ఉంటుంది, తొందరలో దాన్నే దిద్దేస్తాం. నిజమైన వాక్యాలను అడ్డంగా కొట్టేయండి. కొట్టేయకుండా మిగిలిన ‘బి’నే ఆప్షన్లలో వెతకండి. రైల్వే పరీక్షల్లా కంప్యూటర్ మీద రాసేటప్పుడు ఈ పని రఫ్ కాగితం మీద చేయండి. ప్రశ్నపత్రం రెండు భాషల్లో ఉంటే ఇంగ్లీషు ప్రశ్నలో ‘నాట్’, ‘ఎక్సెప్ట్’ ఉన్నాయా అని ఒక్కసారి చూడండి. అక్కడ ఆ మాటలు చాలావరకు ఆప్షన్లకు ముందే స్పష్టంగా కనిపిస్తాయి.

ప్రశ్న: ‘అవకాశం అతి తక్కువ’ అని అడిగితే అసలు జరగనిదాన్నే వెతకాలా?

జవాబు: అక్కర్లేదు. అక్కడ అడిగేది ఒప్పూ తప్పూ కాదు, వరుస. బంగాళాఖాతంలో తుఫాను ఏర్పడే అవకాశం అతి తక్కువ ఉన్న నెల ఏది? మే, అక్టోబరు, నవంబరు, ఫిబ్రవరి ఇచ్చారనుకోండి. తుఫాను అనగానే మన చేయి నవంబరు మీదికి పోతుంది. తుఫానులు ఎక్కువగా వచ్చేది రుతుపవనాలకు ముందూ, తర్వాతా. మే, అక్టోబరు, నవంబరు ఆ కాలాల్లోనివి కాబట్టి మిగిలిన ఫిబ్రవరే జవాబు. ఫిబ్రవరిలో తుఫాను అసాధ్యమని దాని అర్థం కాదు, ఈ నాలుగింటిలో తక్కువ అని మాత్రమే. అందుకే ఇలాంటి ప్రశ్నకు ‘ఒ’, ‘త’ బదులు ఎక్కువ నుంచి తక్కువకు అంకెలు వేసి, చివరిదాన్ని దిద్దండి.

ఇకపై మాక్ టెస్టు రాసిన ప్రతిసారీ తప్పులను రెండు జాబితాలుగా రాసుకోండి: తెలియక పోయినవి ఒకవైపు, చదవక పోయినవి ఇంకోవైపు. రెండో జాబితా ఖాళీ అయ్యేదాకా చివరి మాట కింద గీత గీయడం మానకండి.