జెండా ఎటు తిరగాలి?

ప్రియమైన తల్లిదండ్రులకు,

ఈ నెల మన రెండో తరగతి పిల్లలు సిమ్మెట్రీ, అంటే సౌష్ఠవం నేర్చుకుంటున్నారు. వాళ్ల బ్యాగులో మీకు మిర్రర్ లైన్ వర్క్‌షీట్ కనిపిస్తుంది. గళ్ల కాగితం మధ్యలో నిలువుగా చుక్కల గీత, దానికి ఎడమవైపు ఒక బొమ్మ ఉంటాయి. గీతనే అద్దం అనుకుని, కుడివైపు దాని ప్రతిబింబం గీయాలి.

అందులో ఒక జెండా బొమ్మ ఉంది. కర్ర గీతకు ఎడమవైపు 3 గళ్ల దూరంలో ఉంది. జెండా గుడ్డ కర్ర నుంచి గీత వైపుకు 2 గళ్లు పరుచుకుంది, కాబట్టి గుడ్డ చివర గీతకు 1 గడి దూరంలో ఉంది. చాలామంది పిల్లలు కుడివైపు కర్రను సరిగ్గా 3 గళ్ల దూరంలోనే పెడతారు. గుడ్డను మాత్రం మళ్లీ కుడివైపుకే గీస్తారు. అప్పుడు గుడ్డ చివర గీతకు 5 గళ్ల దూరానికి పోతుంది. బొమ్మను తిప్పకుండా, పక్కకు జరిపారన్నమాట.

దయచేసి వెంటనే రబ్బరు తీసుకుని చెరపకండి. కాగితాన్ని చుక్కల గీత దగ్గర మడిచి, కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకోమనండి. కర్రలు ఒకదానిమీద ఒకటి పడతాయి, గుడ్డలు మాత్రం చెరోవైపు ఉంటాయి. తప్పు ఎక్కడుందో పిల్లలే చూపిస్తారు.

అప్పటికీ అర్థం కాకపోతే సీతాకోకచిలుక బొమ్మ వేయించండి. ముందు కాగితాన్ని మడిచి విప్పండి. ఒక సగం మీదే, మడత దగ్గర మొదలుపెట్టి, పోస్టర్ కలర్‌తో రెక్క వేయించండి. రంగు చిక్కగా ఉండాలి. నీళ్లు ఎక్కువైతే పాకిపోతుంది, ఆరిపోతే అచ్చు పడదు. మళ్లీ మడిచి, మడత నుంచి బయటికి అరచేత్తో రుద్దాలి. విప్పే ముందు ఒక్క ప్రశ్న అడగండి: "మడతకు దగ్గరగా పెట్టిన ఎర్ర చుక్క అవతల ఎక్కడ పడుతుంది నాన్నా?" దగ్గరగా ఉన్నది అవతలా దగ్గరగానే పడుతుంది, దూరంగా ఉన్నది దూరంగానే. ఎడమకు చూసే రెక్క కొస కుడికి చూస్తుంది. జెండా విషయంలోనూ ఇంతే.

ఇంకో పొరపాటు కూడా తరచూ చూస్తున్నాం. దీర్ఘచతురస్రానికి మూల నుంచి మూలకు గీత గీసి, "రెండూ సమానమే కదా, ఇదీ మిర్రర్ లైనే" అంటారు. ముక్కలు సమానమే. కానీ ఒక ఎ4 కాగితాన్ని ఆ గీత వెంట మడిస్తే అంచులు కలవవు, మూలలు బయటికి పొడుచుకొస్తాయి. అదే చతురస్రంగా కత్తిరించి మడిస్తే చక్కగా కలుస్తాయి. సగాలు సమానంగా ఉంటే చాలదు, మడిచినప్పుడు కలవాలి.

వర్క్‌షీట్‌లో మొదట గీసిన తప్పు గీతను అలాగే ఉంచి, సరైనది వేరే రంగు పెన్సిల్‌తో గీయించి పంపండి. చెరిపి దిద్దిన వర్క్‌షీట్‌లో బాబుకో పాపకో ఏది అర్థం కాలేదో మాకు కనబడదు.

మీ
మ్యాథ్స్ టీచర్