జపాన్ వ్యాపార సమావేశంలో తొలి పరిచయం

ప్రశ్న: టోక్యోలోని కొనుగోలుదారు సంస్థతో తొలి సమావేశంలో ఎవరు ముందు మాట్లాడాలి, ఎవరిని ఎలా సంబోధించాలి?

జవాబు: జపాన్ మర్యాద ప్రకారం, అమ్మకానికి వెళ్లిన పక్షంలో హోదాలో పెద్దవారు ముందుగా లేచి, సంస్థ పేరు, తమ పేరు చెప్పి, ‘మెయిషి’ అనే విజిటింగ్ కార్డును ఎదుటివారు చదవగలిగేలా తిప్పి రెండు చేతులతో అందిస్తారు, మిగిలినవారు హోదా క్రమంలో అనుసరిస్తారు. ఎదుటి విభాగాధిపతి ఇంటిపేరు తనాకా అయితే, గౌరవవాచకం చేర్చి ‘తనాకా-సాన్’ అనో, ఆయన పదవి పేరైన ‘బుచో’ చేర్చి ‘తనాకా-బుచో’ అనో సంబోధించాలి. అయితే తమ డైరెక్టరును బయటివారికి పరిచయం చేసేటప్పుడు, ఆయన ఎంత పెద్దవారైనా, ‘సాన్’ చేర్చకూడదు. తెలుగువారు ‘గారు’ అనే అలవాటుకొద్దీ ‘సాన్’ చేరిస్తే, ఆతిథేయుల ఎదుట సొంత పక్షాన్నే హెచ్చించుకున్నట్లవుతుంది. అందిన కార్డులను జేబులో వేసుకోక, ఎదుటివారు కూర్చున్న వరుసలోనే బల్లపై పేర్చుకుంటే, పేర్లు తడబడవు.