పశ్చిమోత్తానాసనంలో ముందుకు వంగనివ్వనిది ఏది?

పశ్చిమోత్తానాసనం చేసేటప్పుడు చేతులు పాదాలకు అందకపోతే, తొడ వెనక కండరాలు బిగుసుకున్నాయి అనేస్తాం. అన్నిసార్లూ అది నిజం కాదండి. మా దగ్గర నేర్చుకునే ఒక అమ్మగారి సంగతి చూద్దాం. కాళ్ళు చాపి వంగితే ఆవిడ చేతులు పిక్కల మధ్య దాకా వెళ్ళి ఆగిపోతాయి. మోకాలి వెనక తీగ లాగినట్టు ఉంటుందట. ఏడాదిగా రోజూ గట్టిగా లాగుతున్నా తేడా లేదు.

ముందు తుంటి కీలు చూశాం. వెల్లకిలా పడుకుని, మోకాలు మడిచి, తొడను పొట్ట మీదికి తెచ్చుకోమన్నాం. హాయిగా వచ్చింది. మోకాలు మడిస్తే తొడ వెనక కండరాలు వదులవుతాయి కాబట్టి, అడ్డం కీలులో ఉంటే ఇక్కడే తెలిసేది. అలా ఉన్నవాళ్ళకి గజ్జల్లో, ముందు వైపు నొక్కినట్టు ఉంటుంది. పైగా కీలు చుట్టూ ఉండే గట్టి తంతువులు తొడ పైకి వచ్చేకొద్దీ వదులవుతాయి. అందుకే ఈ ఆసనంలో కీలు సంచి అడ్డుపడటం తక్కువ.

తర్వాత అసలు పరీక్ష. ఆవిడ వంగి, లాగుడు మొదలైన చోట ఆగారు. నడుము, చేతులు, కాళ్ళు కదపకుండా తల మాత్రం పైకెత్తమన్నాం. లాగుడు సగం తగ్గింది! తల దించితే మళ్ళీ వచ్చింది. తొడ వెనక కండరం కూర్చునే ఎముక దగ్గర మొదలై మోకాలి కిందే ఆగిపోతుంది. మెడ కదిపితే దాని పొడవు మారదు. కానీ వెన్నుపాము, దాని పొర, కాలిలోకి దిగే సయాటిక్ నరం ఒకే తాడులాంటివి. తల దించితే పై కొస బిగుస్తుంది. అంటే ఆవిడని ఆపుతున్నది ఎక్కువగా నరమే.

పాదాన్ని వెనక్కి మడిచినా లాగుడు పెరుగుతుంది. కానీ పిక్క కండరం కూడా అప్పుడు సాగుతుంది కాబట్టి దాన్ని బట్టి తేల్చలేం. తల ఎత్తినా ఏమీ మారక, తొడ మధ్యలో మందంగా లాగితే అది కండరం వైపు. కండరం మీది పొర దానితో పాటే సాగుతుంది. ఇంట్లో ఆ రెండిటినీ విడదీసి చెప్పలేం.

నరం కండరంలా పట్టి ఉంచితే ఊరుకోదు, కదిపితే ఊరుకుంటుంది. అందుకే ఆవిడని మడిచిన దుప్పటి మీద కూర్చోబెట్టాం. మోకాలు చాపుతూ తల ఎత్తడం, మోకాలు మడుస్తూ తల దించడం, మెల్లగా పదిసార్లు. ఒక కొస బిగుస్తుంటే ఇంకో కొస వదులవుతుంది. ఆసనంలో మోకాళ్ళు కొంచెం మడిచే ఉంచమన్నాం.

తల దించితే కాస్త లాగడం ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకీ మామూలే, భయపడకండి. కానీ తిమ్మిరి, మంట, నడుము నుంచి పాదం దాకా పాకే నొప్పి ఉంటే ఆసనం ఆపేసి డాక్టరుకి చూపించుకోండి.