543 తీసేసే ముందు నెల చూడండి

థాయిలాండ్ కాగితంలో పుట్టిన సంవత్సరం 2470 అని కనిపిస్తే కంగారు పడకండి. అది బౌద్ధ శకం. అందులోంచి 543 తీసేస్తే 1927 వస్తుంది. ఈ ముక్క చాలామందికి తెలుసు. తెలిసిన ధీమాలోనే వయసు దగ్గర తప్పులో కాలేస్తారు.

వయసు ఒక్కటే కావాలంటే అసలు సంవత్సరం మార్చాల్సిన పనే లేదు. రెండు సంవత్సరాలూ ఒకే శకంలో ఉంటే చాలు. థాయిలాండ్ రాజు భూమిబల్ 2470 డిసెంబర్ 5న పుట్టారు, 2559 అక్టోబర్ 13న మరణించారు. 2559లోంచి 2470 పోతే 89. కానీ ఆ ఏడు డిసెంబర్ ఇంకా రాలేదు కదా, ఒకటి తగ్గించండి. నిండిన వయసు 88. క్రీస్తు శకంలోకి మార్చి 2016లోంచి 1927 తీసినా ఇదే లెక్క. మార్పు ఎన్నిసార్లు చేస్తే పొరపాటుకు అన్ని అవకాశాలు. అందుకే అక్కర్లేనప్పుడు మార్చకపోవడమే మంచి అలవాటు.

అసలు చిక్కు పెద్దవాళ్ల కాగితాల్లో ఉంది. 1941కి ముందు థాయిలాండ్‌లో అధికారిక కొత్త సంవత్సరం జనవరి 1న కాదు, ఏప్రిల్ 1న వచ్చేది. అంటే 2480వ సంవత్సరం 1937 ఏప్రిల్‌లో మొదలై 1938 మార్చితో ముగిసింది. పంచాంగం చూసేవాళ్లకు ఇది వింత కాదు. శాలివాహన శకానికి 78 కలుపుతాం, ఉగాదికి ముందున్న జనవరి, ఫిబ్రవరి రోజులకైతే 79 కలుపుతాం. ఇదీ అంతే.

ఒక ఉదాహరణ కట్టి చూద్దాం. ఒకావిడ పుట్టినతేదీ పాత రిజిస్టర్‌లో 2480 ఫిబ్రవరి 14 అని ఉందనుకోండి. కళ్లు మూసుకుని 543 తీసేస్తే 1937 ఫిబ్రవరి వస్తుంది. ఆవిడ పుట్టింది 1938 ఫిబ్రవరిలో. ఇక్కడ తీయాల్సింది 542. 2025 మార్చి 1 నాటికి ఆవిడకు నిండినవి 87 ఏళ్లు, మన తొందర లెక్కలో 88. ‘సంవత్సరాలు తీసేస్తే చాలు’ అని పైన చెప్పిన దగ్గరిదారి కూడా ఇక్కడ పనిచేయదు. 2568లోంచి 2480 తీసినా 88 అనే వస్తుంది. కాబట్టి సంవత్సరం 2482 లేదా అంతకంటే ముందుదైతే కన్ను ముందు నెల మీదికి పోవాలి. ఏప్రిల్ నుంచి డిసెంబర్ దాకా అయితే 543, జనవరి నుంచి మార్చి దాకా అయితే 542.

లెక్క సరిపోయిందా అన్నది తేల్చుకోవడానికి ఒక చక్కని ఆధారం ఉంది. థాయి వాళ్లలో చాలామందికి తాము పుట్టిన వారం తెలుసు. వారానికో రంగు ఉంటుంది, సోమవారానిది పసుపు. భూమిబల్ పుట్టింది సోమవారమే, ఆయన కోసం జనం పసుపు చొక్కాలు వేసుకున్నది అందుకే. మన ఉదాహరణలో 1937 ఫిబ్రవరి 14 ఆదివారం, 1938 ఫిబ్రవరి 14 సోమవారం. ‘ఏ వారం పుట్టారమ్మా?’ అని ఒక్క మాట అడిగితే సంవత్సరం తేలిపోతుంది. తెల్లవారకముందు పుట్టినవాళ్లను మాత్రం పాత పద్ధతిలో ముందురోజు వారానికి చెప్తారు, అది గుర్తుంచుకోండి.

అన్నాచెల్లెళ్ల కాగితాలు పక్కపక్కన ఉన్నా పట్టేయొచ్చు. అన్న 2480 ఏప్రిల్, చెల్లెలు 2480 మార్చి అని ఉంటే తప్పు రాశారని కొట్టేయకండి. ఆ రోజుల లెక్కలో ఏప్రిలే ముందు.

ఇంకో గమ్మత్తు. జనవరి 1కి మారిన సందర్భంలో 2483కి తొమ్మిది నెలలే దక్కాయి: 1940 ఏప్రిల్ నుంచి డిసెంబర్ వరకు. 2483 ఫిబ్రవరి అన్నది ఆ దేశంలో అధికారికంగా రానేలేదు. ఏ కాగితంలోనైనా అది కనిపిస్తే ఎవరో క్రీస్తు శకం తేదీకి గుడ్డిగా 543 కలిపి రాశారని అనుమానించండి.

నెల రాయకుండా 2480 అని మాత్రమే ఉంటే 1937 అని తేల్చేయకండి, 1937-38 అని రాయండి. ‘35’ అని రెండంకెలే ఉంటే అది 2535 కావచ్చు, అంటే 1992. మనిషిని చూస్తే తెలిసిపోతుంది, ఫైలు చూస్తే తెలియదు. ఇక ఈ లెక్కలన్నీ థాయిలాండ్‌వి. శ్రీలంక, మయన్మార్‌లలో బౌద్ధ శకం ఒక ఏడాది ముందు నడుస్తుంది, అక్కడి కాగితాలకు ఇదే కొలత పెట్టకండి.

మార్చిన తేదీ పక్కనే మూలంలో ఉన్న తేదీని ఉన్నదున్నట్టు, శకం పేరుతో సహా రాసి ఉంచండి. మీ తర్వాత ఫైలు పట్టుకున్నవాళ్లు 543 రెండోసారి తీసేయకుండా ఉంటారు.