చెవెనింగ్ ఒక్కదాన్నే నమ్ముకోకు

చిరంజీవి అమ్ములుకి,

చెవెనింగ్ ఫలితం వచ్చాకే మిగతావి చూసుకుంటానని ఫోన్లో అన్నావు. వద్దమ్మా. ఆ ఫలితం వచ్చేది జూన్ ప్రాంతంలో. యూనివర్సిటీలిచ్చే ఫీజు రాయితీల గడువు చాలా చోట్ల మే నాటికే ముగిసిపోతుంది. చెవెనింగ్ రాకపోతే ఆ ఏడాదికి నీ చేతిలో ఏమీ మిగలదు.

చెవెనింగ్ వస్తే ఫీజు, నెలనెలా ఖర్చులు, విమానం టికెట్టు అన్నీ వాళ్లవే. దానికి 2,800 గంటల ఉద్యోగానుభవం ఉండాలి. నీకు ఆ లోటు లేదు. చదువయ్యాక కనీసం రెండేళ్లు ఇండియాలో ఉండాలి. దీనికి నువ్వు మనస్ఫూర్తిగా సిద్ధమేనా అన్నది ముందే తేల్చుకో.

ఇక గ్రేట్ స్కాలర్‌షిప్. ఇది కనీసం 10,000 పౌండ్లు ఇస్తుంది, అదీ ఫీజులోంచి తగ్గింపే. నీ కోర్సు ఫీజు 24,000 అనుకుందాం. 14,000 మిగులుతుంది. నెలకు 1,100 చొప్పున ఏడాది తిండికీ అద్దెకీ 13,200. మొత్తం 27,200. పౌండు 115 రూపాయల లెక్కన 31 లక్షలు దాటుతుంది. వీసా ఫీజు, ఆరోగ్య సర్‌చార్జి దీనికి అదనం. కాబట్టి రాయితీ వచ్చిందని సంబరపడేలోపే బ్యాంకులో లోన్ సంగతి కదపాలి. మిగిలిన ఫీజు, తొమ్మిది నెలల ఖర్చు కలిపి 28 రోజులు అకౌంట్లో కదలకుండా ఉన్నట్టు వీసాకు చూపించాలి.

రెండిటికీ దారి ఒకటే, అడ్మిషన్. చెవెనింగ్‌కు దరఖాస్తు చేసే రోజుకి ఆఫర్ లేకపోయినా పర్వాలేదు, జూలైకల్లా షరతుల్లేని ఆఫర్ చూపిస్తే చాలు. రాయితీకి మాత్రం సాధారణంగా ముందే ఆఫర్ ఉండాలి. చెవెనింగ్ ఫారంలో మూడు కోర్సులు రాయమంటారు. గ్రేట్ ఇచ్చే యూనివర్సిటీల జాబితా చూసి, ఆ మూడింట్లో కనీసం రెండు అందులోవే ఎంచుకో. సెప్టెంబర్లో ఆ మూడు చోట్లా అడ్మిషన్‌కు పెట్టేయ్. ట్రాన్స్‌క్రిప్టులు, ఐఈఎల్‌టీఎస్ ఇప్పుడే చేతికి తెచ్చుకో. షరతు తీరక ఆఫర్ ఆగిపోయేది ఎక్కువగా వీటి దగ్గరే.

వ్యాసాలు మాత్రం విడివిడిగా రాయి. చెవెనింగ్ వాళ్లు తిరిగొచ్చి ఇక్కడేం చేస్తావని చూస్తారు. యూనివర్సిటీ, ఆ కోర్సే నీకెందుకని చూస్తుంది. ఒకదాన్ని రెండో చోట అతికిస్తే చదివేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.

చిక్కంతా డిపాజిట్ దగ్గర. సీటు నిలుపుకోవడానికి కొన్ని వేల పౌండ్లు కట్టమని జూన్‌కు ముందే అడగొచ్చు. వెంటనే కట్టేయకు. చెవెనింగ్ ఫలితం వచ్చేదాకా గడువు పొడిగించమని అడ్మిషన్ ఆఫీసుకు మెయిల్ రాయి. ఒప్పుకోకపోతే, స్కాలర్‌షిప్ వస్తే ఆ డబ్బు వెనక్కిస్తారో లేదో రాతపూర్వకంగా తెలుసుకున్నాకే కట్టు. రెండూ వస్తే ఒకటి వదులుకోవాల్సి వస్తుంది, ఆ సంగతి రెండు చోట్లా దాచకుండా చెప్పు. నువ్వు వదిలిన రాయితీ వెయిటింగులో ఉన్న మరో పిల్లకు అందేలా, తేలిన రోజే మెయిల్ పెట్టు.

నీ
పెద్దనాన్న